వెనక సీటు నుంచి చూస్తే: చెన్నై - పుదుచ్చేరి బైక్ ప్రయాణంలో దారి, విరామాలు, హెల్మెట్

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో ద్విచక్ర వాహన ప్రమాదాల్లో హెల్మెట్ లేకుండా చనిపోయినవారు 50,029 మంది. వీరిలో 14,337 మంది బండి నడిపినవారు కాదు, వెనక కూర్చున్నవారు. అంటే ప్రతి ఏడుగురిలో ఇద్దరు. వేగం ఎంత ఉండాలో, ఏ దారిలో వెళ్లాలో, ఎక్కడ ఆగాలో చాలావరకు వీళ్ల చేతిలో లేని విషయాలు.

దూర ప్రయాణాల గురించి రాసే జాగ్రత్తలు ఎక్కువగా బండి నడిపేవారి కోసమే ఉంటాయి. కానీ ఇద్దరు కలిసి బైక్ మీద వెళ్తున్నప్పుడు ముందుగా అలసిపోయేది సాధారణంగా వెనకున్నవారే. అందువల్ల దారి, విరామాలు, వేగం అన్నీ వారిని బట్టే నిర్ణయించుకోవాలి. చెన్నైలో ఉండే తెలుగువాళ్లు వారాంతాల్లో ఎక్కువగా వెళ్లే పుదుచ్చేరి ప్రయాణాన్నే ఉదాహరణగా తీసుకుని ఈ విషయాన్ని చూద్దాం.

వెనక సీటులో ఏం జరుగుతుంది?

బండి నడిపేవారు రెండు చక్రాల మధ్య కూర్చుంటారు. వెనకవారు దాదాపుగా వెనక చక్రం మీదే కూర్చుంటారు. అందుకే ఒకే గుంతలో బండి పడినా, ముందున్నవారికి చిన్న కుదుపుగా అనిపించేది వెనకవారి నడుముకు దెబ్బలా తగులుతుంది. పైగా ముందున్నవారికి స్పీడ్ బ్రేకర్ కనిపిస్తుంది కాబట్టి ఒళ్లు బిగబట్టుకుంటారు, హ్యాండిల్ మీద బరువు వేస్తారు. వెనకవారికి కనిపించేది ఎదుటివారి వీపు, హెల్మెట్ మాత్రమే. కుదుపు వచ్చాకే వారికి సంగతి తెలుస్తుంది.

బ్రేకు వేసినప్పుడూ ఇదే తేడా. ముందున్నవారు హ్యాండిల్‌ను ఆనుకుని ఆగుతారు. వెనకవారు సీటు మీద ముందుకు జారి, ముందున్నవారి మీద పడతారు. ఆ బరువంతా నడిపేవారి చేతుల మీదికి వెళ్తుంది. ఇద్దరు ఎక్కిన బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది కూడా. అందుకని ఒంటరిగా వెళ్లేటప్పుడు ముందు వాహనానికి ఎంత దూరం వదులుతారో, ఇద్దరున్నప్పుడు అంతకంటే బాగా ఎక్కువ వదలాలి.

బయల్దేరే ముందు రోజు బండికి రెండు పనులు చేయాలి. మొదటిది వెనక టైరు గాలి. ఒక్కరికి ఎంత, ఇద్దరికి ఎంత అని బండి మీద స్టిక్కర్‌లోనో, మాన్యువల్‌లోనో విడిగా రాసి ఉంటుంది. ఇద్దరికి చెప్పిన లెక్క పట్టించాలి. రెండోది వెనక షాక్ అబ్జార్బర్. చాలా మామూలు బైకుల్లో దీన్ని గట్టిగా, మెత్తగా మార్చుకునే మెట్లు ఉంటాయి. ఒకటి రెండు మెట్లు గట్టిగా పెట్టిస్తే గుంతల్లో వెనకభాగం అడుగంటి కొట్టుకోదు. బరువుకు వెనక కిందికి దిగితే హెడ్‌లైట్ వెలుగు పైకి లేస్తుంది కాబట్టి చీకట్లో వెళ్లాల్సి వస్తే దాన్నీ సరిచూసుకోవాలి.

కూర్చునే తీరు

ఒక వైపుకు కాళ్లు వేసుకుని కూర్చోవడం మన దగ్గర చీర కట్టుకున్నవారికి అలవాటు. ఊళ్లో రెండు కిలోమీటర్లకు దానితో గడిచిపోవచ్చు. నూట నలభై కిలోమీటర్లకు అది పనికిరాదు. రెండు కాళ్లూ ఎడమ వైపే ఉండటం వల్ల తొడలతో సీటును పట్టుకోవడానికి వీలుండదు. నడుము మెలి తిరిగి ఉంటుంది. గట్టిగా బ్రేకు వేసినా, బండి ఒక్కసారిగా పక్కకు తప్పుకున్నా నిలదొక్కుకోవడానికి కుడి వైపు కాలు లేదు. బరువు ఒక పక్కకే ఉండటంతో నడిపేవారూ దారంతా బండిని సర్దుకుంటూ ఉండాలి. దూరం వెళ్లేటప్పుడు సల్వార్ లేదా ప్యాంటు వేసుకుని, రెండు వైపులా కాళ్లు వేసి కూర్చోవడమే సరైన పద్ధతి.

ఒక చేయి సీటు వెనక ఉండే కడ్డీ మీద, రెండో చేయి ముందున్నవారి నడుము మీద ఉంచుకోవాలి. కడ్డీ బండి వేగం పెరిగినప్పుడు వెనక్కి పడకుండా ఆపుతుంది. నడుము మీది చేయి బ్రేకు వేసినప్పుడు ముందుకు పడకుండా ఆపుతుంది. భుజాలు పట్టుకోకూడదు. కుదుపు వచ్చినప్పుడు ఆ లాగుడు నేరుగా హ్యాండిల్‌కు వెళ్తుంది. పాదాలు ఫుట్‌రెస్టుల మీద నుంచి తీయకూడదు, సిగ్నల్ దగ్గర ఆగినా సరే. చాలా బైకుల్లో సైలెన్సర్ కుడి వైపే ఉంటుంది. పిక్క మీద కాలిన మచ్చలు ఎక్కువగా దిగేటప్పుడే పడతాయి కాబట్టి ఎడమ వైపు నుంచే ఎక్కాలి, ఎడమ వైపుకే దిగాలి.

చున్నీ, పైట, బురఖా, బ్యాగు తాడు వేలాడకూడదు. వెనక చక్రంలో చున్నీ చుట్టుకుంటే అది క్షణంలో మెడకు బిగుస్తుంది. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వ నిబంధన ఇందుకోసమే ఉంది. పట్టుకోవడానికి పిడి, కాళ్లకు ఫుట్‌రెస్టు, బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ప్రతి బండికీ ఉండాలని అది చెబుతుంది. బండి అందంగా కనిపించాలని చీర గార్డు తీయించేసినవారు వెనక ఎవరినైనా ఎక్కించుకునే ముందు దాన్ని తిరిగి బిగించుకోవాలి.

రెండు దారులు

చెన్నై నుంచి పుదుచ్చేరికి ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి సముద్రం పక్కన వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్డు, అందరూ ఈసీఆర్ అంటారు. తిరువాన్మియూర్ నుంచి కోవళం, మామల్లపురం, కల్పాక్కం, కడపాక్కం, మరక్కాణం మీదుగా వెళ్తుంది. నగరం మధ్య నుంచి లెక్కిస్తే సుమారు 150 కిలోమీటర్లు. రెండోది జీఎస్టీ రోడ్డు. తాంబరం, చెంగల్పట్టు, మధురాంతకం, మేల్‌మరువత్తూర్ మీదుగా తిండివనం వెళ్లి, అక్కడ ఎడమకు తిరిగి పుదుచ్చేరి చేరాలి. ఇది సుమారు 160 కిలోమీటర్లు. తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చేవారు చెన్నై ట్రాఫిక్‌లోకి దిగకుండా కాంచీపురం, వందవాసి మీదుగా తిండివనం చేరుకుంటే అక్కడి నుంచి ఇదే రోడ్డు.

దూరంలో పెద్ద తేడా లేదు. వెనక కూర్చున్నవారికి మాత్రం రెండూ వేరు వేరు ప్రయాణాలు.

ఈసీఆర్‌లో సరుగుడు తోటలు, ఉప్పు మడులు, బ్యాక్‌వాటర్లు ఉంటాయి కాబట్టి విసుగు రాదు, నిద్ర తక్కువ. లారీలు కూడా జీఎస్టీ రోడ్డు మీద ఉన్నన్ని ఉండవు. కానీ శని, ఆదివారాల్లో కార్ల వేగం ఎక్కువ. మామల్లపురం దాటాక రోడ్డును నాలుగు వరుసలకు పెంచే పనులు కొన్నేళ్లుగా సాగుతున్నాయి. మధ్యలో డివైడర్ లేని చోట ఎదురుగా వచ్చే కారు ఓవర్‌టేక్ చేస్తూ మన వరుసలోకి వస్తుంది. పనులు జరిగే చోట మళ్లింపులు, మట్టి, కంకర ఉంటాయి. అక్కడ వేగం తగ్గకపోతే మొదట ఎగిరిపడేది వెనక సీటే. మరో విషయం గాలి. పగలు ఎండ ముదిరాక సముద్రం నుంచి గాలి లేస్తుంది. పుదుచ్చేరి వెళ్లేటప్పుడు అది ఎడమ పక్క నుంచి కొడుతుంది. ముట్టుకాడు వంతెన, మరక్కాణం ఉప్పు మడుల వంటి చెట్టూ గోడా లేని చోట్ల ఇది బండిని పక్కకు నెడుతుంది. వెనకవారు బెదిరి ఎదురు వైపుకు ఒరిగితే నడిపేవారి పని కష్టమవుతుంది. ముందున్నవారు ఎటు వంగితే అటే, అంతే వంగాలి.

జీఎస్టీ రోడ్డుకు మధ్యలో డివైడర్ ఉంది. ఎదురుగా ఢీకొనే భయం తక్కువ. వానలోనూ, చీకటి పడ్డాకా ఇదే మేలు. కష్టం ఎక్కడంటే, లారీలు, బస్సులు పక్క నుంచి దూసుకుపోతున్నప్పుడు వచ్చే గాలి తోపు. రోడ్డు తిన్నగా, నున్నగా ఉండటంతో వెనకవారికి కునుకు పట్టడం ఇక్కడే ఎక్కువ.

దారి ఎంచుకునేటప్పుడు ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. మధ్యలో ఇక కూర్చోలేనంటే వెనకవారు ఎలా వెళ్లాలి? జీఎస్టీ దారి పక్కనే రైలు మార్గం ఉంది. చెంగల్పట్టు, మధురాంతకం, మేల్‌మరువత్తూర్, తిండివనంలో స్టేషన్లున్నాయి. ఈసీఆర్‌లో రైలు లేదు, చెన్నై - పుదుచ్చేరి బస్సులే ఆధారం. నడుము నొప్పి ఉన్నవారు, మొదటిసారి దూరం వెళ్తున్నవారు వెనక కూర్చుంటే ఈ లెక్క చూసుకోవడం మంచిది. దిగిపోయే దారి ఉందని తెలిస్తే, నొప్పి మొదలవగానే చెప్పడానికి వారికి మొహమాటం ఉండదు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ తీరానికి ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు వస్తాయి. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గరే తీరం దాటి పట్టణాన్ని ముంచేసింది. ఆ నెలల్లో వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే ఏ దారీ వద్దు. ప్రయాణం వాయిదా వేసుకోవాలి.

ఎక్కడ, ఎప్పుడు ఆగాలి?

ఆకలి వేసినప్పుడో, పెట్రోలు అయిపోయినప్పుడో ఆగుదామనుకుంటే ఆలస్యమైపోతుంది. మోకాళ్లు వంచి, కదలకుండా కూర్చున్నవారికి గంటలోపే పిరుదులు, పాదాలు మొద్దుబారతాయి. నలభై అయిదు కిలోమీటర్లకో, గంటకో, ఏది ముందైతే అప్పుడు ఆగాలి. ఆగడమంటే బండి మీదే కూర్చుని టీ తాగడం కాదు. దిగి, హెల్మెట్ తీసి, పది నిమిషాలు నడవాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. శనివారం భార్యాభర్తలిద్దరు 125 సీసీ బైక్ మీద ఈసీఆర్‌లో బయల్దేరారనుకోండి. తెల్లవారుజామున 5.15కు తిరువాన్మియూర్‌లో మొదలైతే, గంటకు సగటున నలభై కిలోమీటర్ల చొప్పున 6.20కి మామల్లపురం. అక్కడ ఇరవై నిమిషాలు టీ, నడక. 6.40కి కదిలితే 7.45 ప్రాంతంలో కడపాక్కం. అక్కడ అరగంట టిఫిన్. 8.15కు బయల్దేరితే అరగంటలో మరక్కాణం. ఇక్కడ అలసట లేకపోయినా పది నిమిషాలు దిగాలి. ఇకపై ఊళ్లు, ఆటోలు, అడ్డంగా వచ్చేవాళ్లు పెరుగుతారు, వెనకవారు మెలకువగా ఉండాల్సిన భాగం ఇదే. 9.45కల్లా పుదుచ్చేరి. మొత్తం నాలుగున్నర గంటలు, అందులో గంట విరామమే. అదే బండి మీద ఒక్కరే వెళ్తే మూడున్నర గంటల్లో చేరవచ్చు. ఆ అదనపు గంటను వృథాగా కాకుండా ఇద్దరు వెళ్లే ప్రయాణంలో భాగంగానే లెక్కపెట్టుకోవాలి. ఎండ ముదరకముందే, సముద్రపు గాలి లేవకముందే చేరిపోవడం దీనిలో లాభం.

విరామం సమయం రాకముందే ఆగాల్సిన గుర్తులు కొన్ని ఉన్నాయి. వెనకవారి హెల్మెట్ మన హెల్మెట్‌కు తరచుగా తగులుతుంటే, వారి తల వాలుతోందని అర్థం. అప్పటిదాకా మాట్లాడినవారు మౌనమైపోయినా, అడిగినదానికి ఆలస్యంగా జవాబిస్తున్నా, నడుము మీద చేతి పట్టు సడలినా అదే సంకేతం. ఒక్క కునుకుకే మనిషి జారిపడతాడు. చున్నీతో ఇద్దరినీ కలిపి కట్టుకోవడం దీనికి పరిష్కారం కాదు, పడితే ఇద్దరినీ ఈడ్చుకుపోతుంది. వెంటనే పక్కకు ఆపి, దిగి, ముఖం కడుక్కుని, మెలకువ వచ్చాకే కదలాలి. నిద్రమత్తు తెప్పించే జలుబు మాత్రలు, వాంతుల మాత్రలు వేసుకున్నవారు ఆ రోజు వెనక సీటు ఎక్కకపోవడం మంచిది.

గాలి హోరులో మాటలు వినిపించవు. బయల్దేరే ముందే సైగలు అనుకోవాలి. నడుము మీద ఒకసారి తడితే వేగం తగ్గించు, రెండుసార్లు తడితే వీలున్న చోట ఆపు, ఆగకుండా తడుతుంటే వెంటనే ఆపు. స్పీడ్ బ్రేకర్ వస్తున్నప్పుడు ముందున్నవారు మోచేతితో చిన్నగా తాకితే చాలు, వెనకవారు ఫుట్‌రెస్టుల మీద బరువు వేసి సీటు నుంచి కొంచెం లేస్తారు. నడుము నొప్పి సగం ఇక్కడే తగ్గుతుంది.

తిరుగు ప్రయాణానికి ఆదివారం సాయంత్రం ఎంచుకోవద్దు. వారాంతపు వాహనాలన్నీ అప్పుడే చెన్నై వైపు కదులుతాయి. పుదుచ్చేరిలో మద్యం చవక కాబట్టి తాగి నడిపేవారూ ఆ గుంపులో ఉంటారు. సోమవారం తెల్లవారుజాము నయం. మన బండి నడిపేవారే తాగి ఉంటే, వెనకవారు చేయాల్సింది ఎక్కకపోవడమే. బస్సు ఉంది.

వెనకవారి హెల్మెట్

పుదుచ్చేరిలో హెల్మెట్ రాజకీయ వివాదమైంది. 2019 ఫిబ్రవరిలో అప్పటి లెఫ్టినెంట్ గవర్నర్ కిరణ్ బేడీ హెల్మెట్ నిబంధనను కచ్చితంగా అమలు చేయాలన్నారు. ముందు అవగాహన కల్పించి, దశలవారీగా తేవాలని ముఖ్యమంత్రి నారాయణస్వామి అన్నారు. అసెంబ్లీ ముందు హెల్మెట్లు పగలగొట్టి నిరసన తెలిపిన ఎమ్మెల్యేలూ ఉన్నారు. 2025 జనవరిలో మళ్లీ అమలు మొదలైంది. ఈ హడావుడిలో చాలామంది గమనించని విషయం, ఇది పుదుచ్చేరి పెట్టిన కొత్త నియమం కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ నడిపేవారికీ, వెనకవారికీ తేడా చూపదు. నాలుగేళ్లు దాటిన ప్రతివారూ పెట్టుకోవాలి. తలపాగా ధరించే సిక్కులకు మినహాయింపు ఉంది. ఉల్లంఘిస్తే 194డి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలల పాటు లైసెన్సుపై అనర్హత.

ఈసీఆర్ చివర్లో కాలాపట్టు పుదుచ్చేరిది, దాన్ని దాటాక వచ్చే కోట్టకుప్పం తమిళనాడుది, ఆ తర్వాత మళ్లీ పుదుచ్చేరి. సరిహద్దు ఎక్కడుందో తెలియనంతగా కలిసిపోయిన ప్రాంతం. ఇక్కడ అక్కర్లేదు, అక్కడ కావాలి అనుకోవడానికి వీల్లేదు, రెండు వైపులా ఉన్నది ఒకే కేంద్ర చట్టం.

వెనకవారికి పాత హెల్మెట్, టోపీలాంటి సగం హెల్మెట్ ఇవ్వడం సాధారణం. నిజానికి వారికే ముఖం మొత్తం కప్పే హెల్మెట్ ఎక్కువ అవసరం. బ్రేకు వేసినప్పుడు వెనకవారి ముక్కు, నోరు వెళ్లి తగిలేది ముందున్నవారి హెల్మెట్ వెనకభాగానికే. వెనక సీటు ఎత్తుగా ఉండటంతో ముందువారి తల మీదుగా సుడి తిరిగిన గాలి నేరుగా వారి ముఖాన్ని కొడుతుంది. అద్దం లేని హెల్మెట్‌తో గంట కూర్చుంటే కళ్లు మండిపోతాయి.

కొనేటప్పుడు ఐఎస్‌ఐ గుర్తు, దాని దగ్గర ఐఎస్ 4151 అనే సంఖ్య, తయారీదారు లైసెన్సు నంబరు చూడాలి. 2021 జూన్ 1 నుంచి ఈ గుర్తు లేని ద్విచక్ర వాహన హెల్మెట్లు అమ్మడం నిషేధం. సైజు కోసం కనుబొమలకు వేలెడు పైన టేపుతో తల చుట్టూ కొలవాలి. 58 సెంటీమీటర్లు వస్తే లోపల 580 అని ఉన్నది తీసుకోవాలి. పెట్టుకుని హెల్మెట్‌ను పక్కలకు తిప్పితే బుగ్గల చర్మం దానితో పాటు కదలాలి. తాడు బిగించాక గడ్డం కింద రెండు వేళ్లు మాత్రమే పట్టాలి. చివరగా వెనక అంచు పట్టుకుని పైకి, ముందుకు తోయాలి. ఊడి వచ్చిందంటే ప్రమాదంలోనూ ఊడిపోతుంది.

ఆడవాళ్ల విషయంలో ఎక్కువగా జరిగే పొరపాటు జుట్టు దగ్గర. కొప్పు, క్లిప్పు, పూలమాల మీద హెల్మెట్ పెడితే అది పైకి తేలి నుదురు బయటపడుతుంది, గాలికి వెనక్కి లేస్తుంది. మెడ దగ్గర వదులుగా జడ వేసుకుని, జాకెట్ లోపల దోపుకోవడం మంచిది. పూలు పుదుచ్చేరిలో దొరుకుతాయి. అరగంటలో నుదుటి మీద ఒకే చోట నొప్పి వస్తే హెల్మెట్ బిగుతని అర్థం. తాడు వదులు చేస్తే నొప్పి పోదు, సైజు మార్చాలి. ఒకసారి గట్టిగా దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపలి థర్మాకోల్ నలిగిపోయి ఉంటుంది, అది మళ్లీ కాపాడదు. పుదుచ్చేరిలో స్కూటీ అద్దెకు తీసుకునేవారు రెండో హెల్మెట్ అడిగి, ఇవే పరీక్షలు చేయాలి. తమ హెల్మెట్లు వెంట ఉంటే ఇంకా మేలు.

పిల్లలు, బీమా

నాలుగేళ్లలోపు బిడ్డను తీసుకెళ్లాలంటే నడిపేవారికి కట్టే సేఫ్టీ హార్నెస్, బిడ్డ తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. ఈ నిబంధన 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. 40 దాటకుండా వెళ్తే పుదుచ్చేరికి విరామాలతో ఆరు గంటలు పడుతుంది. బిడ్డతో అయితే బస్సో, కారో సరైన దారి. నాలుగేళ్లు దాటిన పిల్లలను భార్యాభర్తల మధ్య కూర్చోబెట్టుకోవడం ముగ్గురు ఎక్కినట్టే లెక్క.

చివరిగా బీమా కాగితం. తప్పనిసరి అని తీసుకునే థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే, మన బండి తప్పు వల్ల వెనకవారికి ఏమైనా జరిగినప్పుడు బీమా కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2006లో తిలక్ సింగ్ కేసులో చెప్పింది. ఎదుటి వాహనానిది తప్పయితే దాని బీమా వర్తిస్తుంది. బండి యజమాని తీసుకునే వ్యక్తిగత ప్రమాద బీమా నడిపే యజమానికే గానీ వెనకవారికి కాదు. సమగ్ర పాలసీ ఉంటే వెనకవారూ దాని కిందికి వస్తారు. భార్యనో, స్నేహితుణ్నో ఎక్కించుకునే ముందు ఏ పాలసీ ఉందో పాలసీ కాగితంలో ఒకసారి చదవాలి.

దారిలో ప్రమాదం జరిగితే 108కి లేదా 112కి ఫోన్ చేయాలి. పుదుచ్చేరికి దగ్గర్లో ఉంటే పెద్ద ఆసుపత్రి జిప్‌మర్, తిండివనం నుంచి పట్టణంలోకి వచ్చే దారిలో గోరిమేడు దగ్గర ఉంటుంది. పడినవారి హెల్మెట్‌ను కంగారులో లాగి తీయకూడదు. ఊపిరి ఆడుతుంటే తల, మెడ కదలకుండా పట్టుకుని అంబులెన్స్ సిబ్బంది వచ్చేదాకా అలాగే ఉంచాలి. ఈ ఒక్క విషయం బయల్దేరే ముందు ఇద్దరికీ తెలిసి ఉండాలి. ముందు సీటులో ఉన్నవారు పడితే ఆ పని చేయాల్సింది వెనకవారే.